మొదటి వాయిస్‌లో "సోయ్ ఇందియ" అనొద్దు

నేను స్పానిష్ నేర్చుకుంటున్నానని పోయిన వారం చెప్తే నలుగురైదుగురు ఇన్‌బాక్స్‌లో ఒకటే అడిగారు: "తెలియని మనిషికి మొదటి వాయిస్‌లో ఏం చెప్పినావక్కా, పంపు, మేమూ అదే చెప్తాం" అని. పంపుతా. ఊరికే కాపీ కొట్టకుండా, ఒక్కో మాట ఎందుకు అట్లా పెట్టినానో కూడా చదవండి. మన లాంటోళ్ళకి ఇందులో రెండు మూడు మాటలు వేరేవాళ్ళకంటే ఎక్కువ ముఖ్యం.

హలోటాక్, టాండెం లాంటి యాప్‌లలో పద్ధతి తెలిసిందే. నాకు వచ్చిన భాష ఒకటి, కావాల్సిన భాష ఒకటి రాస్తాం. అవతల మనకి సరిగ్గా తిరగేసినోళ్ళు దొరుకుతారు. నాకు దొరికింది మెక్సికోలో వహాకా అనే రాష్ట్రంలో చదువుకునే అమ్మాయి. ఆమెకి ఇంగ్లీషు కావాలి, నాకు స్పానిష్. మనకీ వాళ్ళకీ పదకొండున్నర గంటల తేడా. మా హాస్టల్లో రాత్రి తొమ్మిదికి పంపితే అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. అందుకే గుడ్ మార్నింగ్, గుడ్ ఈవెనింగ్ జోలికి పోకుండా "ఓలా" అంటే చాలు. రాసేటప్పుడు ముందర హెచ్ ఉంటుంది కానీ పలకరు.

నా వాయిస్ నలభై సెకన్లు ఉంటుంది. ఇదీ మొత్తం:

"ఓలా, మె యామొ జ్యోతి. తెంగొ బెయింతె ఆన్యోస్. సోయ్ దె బనగానపల్లె, ఉన్ ప్వెబ్లొ దెల్ సూర్ దె లా ఇందియ. సోయ్ దెల్ ప్వెబ్లొ బంజారా. మి లెంగ్వ మతెర్న ఎస్ ఎల్ లంబాడీ, ఈ తంబ్యెన్ ఆబ్లొ తెలుగు. ఎస్తూద్యొ ఎన్ లా ఉనివెర్సిదాద్ ఈ బీబొ ఎన్ ఉన రెసిదెన్స్య దె ఎస్తుద్యాంతెస్. మె గుస్త ఎల్ మాంగొ. ఈ తూ, దె దోందె ఎరెస్? కే తె గుస్త? ఆబ్ల దెస్పాస్యొ, పోర్ ఫబోర్. ముచొ గుస్తొ."

తెలుగు లిపిలో రాసుకుంటే స్పానిష్ ఎంత తేలికో చూడండి. వాళ్ళ అ, ఎ, ఇ, ఒ, ఉ మన అచ్చుల్లాగే నిలకడగా పలుకుతాయి, ఇంగ్లీషులో లాగా చోటుకొక రకంగా మారవు. మనకొచ్చే చిక్కంతా ఇంగ్లీషు అలవాటుతోనే. టీ అక్షరం కనపడగానే "టెంగొ" అనేస్తాం, డీ కనపడితే "డె" అంటాం. వాళ్ళది త, ద. నాలుక పళ్ళకి తగలాలి. వీ అక్షరాన్ని బ అనే పలుకుతారు, అందుకే "వీవొ" కాదు, "బీబొ". "ఆన్యోస్"లో న్య గట్టిగా పడాలి. అది తప్పి "ఆనోస్" అంటే ఇరవై ఏళ్ళు కాస్తా ఇరవై మలద్వారాలు అయితాయి. వాళ్ళు అర్థం చేసుకుంటారు, కానీ నవ్వు ఆపుకోలేరు.

వాక్యాల కట్టు కూడా మనకి పరాయిది కాదు. "మె గుస్త ఎల్ మాంగొ" అంటే "నాకు మామిడి ఇష్టం". ఇంగ్లీషులో లాగా "నేను ఇష్టపడతాను" అని తిప్పనక్కర్లేదు, "నాకు"తోనే మొదలవుతుంది. "చదువుతున్నా" అంటే చాలు, "నేను" అని వేరే అనక్కర్లేదు కదా మనకి. వాళ్ళకీ అంతే, "ఎస్తూద్యొ" అన్న మాటలోనే నేను ఉంది. ప్రతి వాక్యానికీ "యో, యో" అని పెడితే, మనం తెలుగులో "నేను చదువుతా, నేను ఉంటా, నేను తింటా" అన్నట్టు ఉంటుంది.

ఊరి పేరు మాత్రం మెసేజ్‌లో రాసి వదిలెయ్యొద్దు, నోటితో చెప్పండి. ఎందుకంటే స్పానిష్‌లో రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే య అని చదువుతారు. మన Banaganapalle వాళ్ళ కంటికి "బనగనపాయె". నా పేరేమో జె తో మొదలవుతుంది, వాళ్ళు దాన్ని గొంతులోంచి హ అంటారు, నేను "హ్యోతి" అయిపోతా. ఊరు పేరు చెప్పడం వరకే, హాస్టల్ పేరు, వీధి చెప్పొద్దు. ఆడపిల్లలకే కాదు, అబ్బాయిలకీ అదే మాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఇండియన్‌ని అని చెప్పడానికి డిక్షనరీ చూస్తే "ఇందియొ", ఆడవాళ్ళకి "ఇందియ" అని కనపడుతుంది. అది తప్పు మాటేం కాదు, డిక్షనరీలో ఆ అర్థం ఉంది. కానీ మెక్సికోలో ఆ మాట వినగానే ఎవరికీ మన దేశం గుర్తు రాదు. 1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటి ఒక దీవిలో దిగి, ఇండియా వైపు దేశాలకి చేరినాననుకున్నాడు. అక్కడ ఉన్న జనాన్ని "ఇందియోస్" అన్నాడు. ఆ దేశాల్లో అప్పటికే వేల ఏళ్ళుగా ఉన్న మనుషులకి ఆ పేరు అంటుకుపోయింది. ఐదు వందల ఏళ్ళలో అది తిట్టు అయింది. నాగరికత తెలీనోడు, మొద్దు అనే అర్థంలో ఇప్పటికీ ఒకరినొకరు "ఇందియొ" అని దెప్పుకుంటారు. మన దగ్గర తండా పేరు, కులం పేరు ఎట్లా దెప్పిపొడిచే మాటగా వాడతారో మీకు చెప్పనక్కర్లేదు.

అందుకని నేను "సోయ్ ఇందియ" అనలేదు, "దె లా ఇందియ" అన్నా. ఇండియా నుంచి అని. మధ్యలో "లా" మర్చిపోవద్దు. ఇంకొకటి, వాళ్ళలో చాలామంది మనల్ని "ఎరెస్ ఇందూ?" అని అడుగుతారు. అది మతం అడిగినట్టు వినపడుతుంది కానీ, చాలాసార్లు నువ్వు ఇండియా మనిషివా అనే. ఇందియొ అంటే బాగుండదని ఆ మాట వాడతారు. ఉలిక్కిపడకుండా "సీ, సోయ్ దె లా ఇందియ" అంటే సరిపోతుంది.

మరి నేను ట్రైబల్ అని ఎట్లా చెప్పాలి? "త్రిబు" అని మాట ఉంది, కానీ అది అడవి సినిమా మాటలాగా ఉంటుంది. అక్కడి జనం తమ గురించి వాడుకునే మాట "ప్వెబ్లొ". ఈ మాట నాకు బాగా నచ్చింది. దానికి ఊరు అనీ అర్థమే, ఒక జనం అనీ అర్థమే. నా వాయిస్‌లో రెండుసార్లు వచ్చింది చూడండి. మొదటిసారి బనగానపల్లె అనే ఊరు, రెండోసారి బంజారా జనం. "ప్వెబ్లోస్ ఇందీహెనాస్" అన్నది వాళ్ళ రాజ్యాంగంలోనే ఉన్న మాట. "ఇందీహెన" అంటే మూలవాసి. చూడ్డానికి "ఇందియొ" లాగే ఉంటుంది కానీ దాని పుట్టుక వేరు, ఆ నేలలో పుట్టినవాళ్ళు అనే లాటిన్ మాట అది. ఎవరైనా "ఎరెస్ ఇందీహెన?" అని అడిగితే గౌరవంగానే అడిగినట్టు.

భాష గురించి చెప్పేటప్పుడు కూడా ఇట్లాంటిదే ఒకటుంది. లంబాడీకి లిపి లేదు కాబట్టి భాష కాదు, యాస అని మనకి బడిలో ఎంతమంది చెప్పినారో. మెక్సికోలో కూడా మూలవాసుల భాషల్ని "దియలెక్తొ" అని చిన్నచూపుతో అంటారు. స్పానిష్ మాత్రం భాష, మిగతావి దియలెక్తోలు అన్నట్టు. కాబట్టి మన నోటితో మనమే "మి దియలెక్తొ" అనకూడదు. "మి లెంగ్వ" అనాలి, లేదా "మి ఇదియోమ". అక్కడ 2003లో ఒక చట్టం వచ్చింది, మూలవాసుల భాషలు కూడా స్పానిష్‌తో పాటు జాతీయ భాషలే అని. మన లంబాడీకి ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు లేదు. చట్టం వచ్చినంత మాత్రాన అక్కడ చిన్నచూపు పోలేదు, అది వేరే సంగతి.

చదువు దగ్గర రెండు మాటలు జారిపోతాయి. కాలేజీ అనుకుని "కొలేహ్యొ" అంటే వాళ్ళకి బడి. ఇరవై ఏళ్ళకి ఇంకా బడిలోనే ఉన్నావా అనుకుంటారు. డిగ్రీ చదివేవాళ్ళం "ఉనివెర్సిదాద్" అనాలి. హాస్టల్ అంటే వాళ్ళకి టూరిస్టులు రెండు రోజులుండే చవక లాడ్జి. "రెసిదెన్స్య దె ఎస్తుద్యాంతెస్" అంటే మనలాంటి గదులు, మెస్సు అన్నీ ఉన్నది అని అర్థమవుతుంది. మా ఇంట్లో మొదట కాలేజీకి వచ్చింది నేనే అని కూడా చెప్దామనుకున్నా, వాక్యం తయారు చేసి పెట్టుకున్నా. తర్వాత తీసేసినా. మొదటి నలభై సెకన్లలో అంత చెప్తే అవతలోళ్ళకి జవాబు ఇవ్వడం కష్టం, అయ్యో పాపం అనడం తప్ప ఏం మిగలదు.

మామిడి మాత్రం ఉంచినా. బనగానపల్లె అంటే మామిడి చెప్పకుండా ఎట్లా? పైగా "మాంగొ" అనే మాట మన వైపు నుంచే పోయింది. మలయాళంలో మాఙ్ఙ, పోర్చుగీసు వాళ్ళ నోట్లో మంగ అయి, యూరప్ అంతా తిరిగింది.

చివర్లో ప్రశ్నలు రెండే. అవి కూడా ఒక్క మాటతో జవాబు చెప్పగలిగేవి. ప్రశ్న లేకుండా ఆపితే అవతలి వాళ్ళు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటారు, మాట అక్కడితో సరి. "తూ" అంటే నువ్వు, "ఉస్తేద్" అంటే మీరు. కొత్తవాళ్ళని మీరు అనడం మనకి అలవాటు కాబట్టి నోరు ఉస్తేద్ వైపే పోతుంది. అక్కడ ఒకే వయసు పిల్లల మధ్య తూనే సహజం. కొలంబియా వాళ్ళు దొరికితే మాత్రం స్నేహితులు కూడా ఉస్తేద్ అనుకుంటారు, వాళ్ళు ఏది వాడితే అదే వాడండి. "ముచొ గుస్తొ" అంటే కలిసినందుకు సంతోషం. "ఎన్‌కాంతాద" అని కూడా అనొచ్చు, కానీ అది ఆడవాళ్ళు అనే రూపం, మగవాళ్ళు "ఎన్‌కాంతాదొ" అనాలి. ముచొ గుస్తొకి ఆ తేడా లేదు.

రికార్డు చేసేటప్పుడు కాగితం చూసి చదవొద్దు, చదివినట్టు తెలిసిపోతుంది. నేను మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకుని చెప్పినా. కింద మెస్సులో పళ్ళేల చప్పుడు కొంచెం వినపడింది, ఉండనిచ్చినా.

మర్నాడు జవాబు వచ్చింది. నిజంగానే నిదానంగా మాట్లాడింది. నాకు సగం అర్థమైంది, మిగతాది నాలుగుసార్లు విన్నాక. వాళ్ళ అవ్వ సపోతెక్ భాష మాట్లాడుతుందంట. తనకి అర్థమవుతుంది కానీ మాట్లాడ్డం రాదంట. నేను "లెంగ్వ" అన్నానని ప్రత్యేకంగా చెప్పింది, వాళ్ళ బడిలో అందరూ దియలెక్తొ అనేవాళ్ళంట. తర్వాత లంబాడీలో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి పంపమని అడిగింది. ముందు తనే స్పానిష్‌లో చెప్పింది. ఏడు దగ్గర "స్యెతె", పది దగ్గర "ద్యెస్" అంటే, మా రూములో పిల్లలు ఇద్దరు ఒకేసారి "సాత్, దస్ అన్నట్టే ఉందే" అన్నారు. నేను ఇంకా పంపలేదు. ఆదివారం ఇంటికి పోయినప్పుడు మా అమ్మతో చెప్పించి పంపుతా, నాకంటే ఆమె పలికేది బాగుంటుంది.