ప్రశ్నపత్రం లేని పెళ్ళిచూపులు

మా పెళ్ళిచూపులు 1974లో జరిగాయి. మావారు నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "మీకు పాట వచ్చునా?" "కొద్దిగా వచ్చును" అన్నాను తల వంచుకుని. అంతటితో మా పరిచయం పూర్తయింది. ఆయన హాస్యప్రియులని నాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది. డబ్బు విషయంలో ఎంత భయస్థులో తెలియడానికి మరో అయిదేళ్ళు. నా అదృష్టం బాగుండి రెండూ భరించదగ్గవే అయ్యాయి. అందరికీ అలాగే అవుతుందని నేను హామీ ఇవ్వలేను.

ఇప్పటి పిల్లలకు ఆ అగచాట్లు లేవు. పెద్దవాళ్ళు వివరాలు చూసుకున్నాక, అమ్మాయీ అబ్బాయీ ఏ కాఫీ హోటల్లోనో గంటసేపు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. బాగానే ఉంది. కాని ఆ గంటలో ఏం మాట్లాడుకోవాలి? చిక్కంతా అక్కడే వచ్చింది మా అక్క కూతురికి.

దానికి 29 ఏళ్ళు. హైదరాబాదులో ఉద్యోగం. తండ్రి లేడు, తల్లి దాని దగ్గరే ఉంటుంది. మూడో సంబంధం అబ్బాయిని కలుసుకునే రోజున తోడు రమ్మంది. రెండు బల్లల అవతల పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. వినకూడదనే అనుకున్నాను గాని, చెవులకు పేపరు అడ్డం పెట్టలేం కదా!

మా అమ్మడు సెల్ ఫోనులో 22 ప్రశ్నలు రాసుకుని వచ్చింది.

"పెళ్ళయ్యాక ఆడవాళ్ళు ఉద్యోగం చెయ్యడం మీద మీ అభిప్రాయం?"

"స్త్రీకి స్వేచ్ఛ ఉండాలండీ."

"మీరు పొదుపరులేనా?"

"అవసరమైతే ఖర్చు పెడతానండీ."

"మీకు హాస్యం ఇష్టమేనా?"

"చాలా ఇష్టమండీ" అన్నాడా అబ్బాయి, బ్యాంకులో అప్పు కోసం వచ్చిన వాడంత గంభీరంగా.

వారం తిరక్కుండా "అమ్మాయి మంచిదే గాని..." అని కబురు వచ్చింది. ఆ రాత్రి అది దిండులో ముఖం దాచుకుని, "నాలోనే ఏదో లోటుంది పిన్నీ. ముగ్గురికీ నచ్చలేదంటే మరేమిటి?" అంది. నాకు గుండె కలుక్కుమంది.

"లోటు నీలో కాదే, నీ ప్రశ్నల్లో ఉంది" అన్నాను. పొదుపరివా అని అడిగితే దుబారా మనిషి కూడా అవుననే అంటాడు. ఏ జవాబు చెబితే మార్కులు పడతాయో ప్రశ్నలోనే కనిపిస్తోంది మరి. అభిప్రాయం అడిగితే పాఠం వస్తుంది. జరిగిన సంగతి అడిగితే మనిషి బయటికి వస్తాడు. అయితే ఊరికే అడిగినా పోలీసు విచారణలాగే ఉంటుంది. ముందు మన సంగతి ఒకటి, ఒక్క నిమిషంలో ముగిసేదిగా చెప్పాలి. తరవాత "మరి మీరో?" అనాలి. ఆయన చెప్పినదాంట్లోంచే తరవాతి ప్రశ్న పుట్టాలి గాని, ఫోనులోంచి కాదు.

ఈ చివరి మాట నా సొంతం కాదు. హార్వర్డు విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరు 2017లో ప్రచురించిన అధ్యయనం గురించి చదివాను. కొద్ది నిమిషాల చొప్పున ఒకరి తరవాత ఒకరిని కలుసుకునే పరిచయ సభల్లో, అవతలివాళ్ళు చెప్పిన మాటనే పట్టుకుని మరో ప్రశ్న వేసినవాళ్ళను మళ్ళీ కలవాలని ఎక్కువమంది కోరుకున్నారట. విన్నామని చెప్పడానికి అంతకంటె మంచి సాక్ష్యం ఏముంటుంది?

నాలుగో అబ్బాయిని కలిసేనాడు నేను వెళ్ళలేదు. అది ఫోను సంచిలో పడేసి వెళ్ళింది. జరిగిందంతా ఇంటికొచ్చి చెప్పింది.

కాఫీ వచ్చేలోగా తన మొదటి జీతం సంగతి ఎత్తిందట. అమ్మకు పట్టుచీర కొన్నదీ, అమ్మ ధర విని మర్నాడే కొట్టుకు వెళ్ళి, అది తిరిగిచ్చేసి, ఆ డబ్బుకే రెండు నేతచీరలు తెచ్చుకున్నదీ చెప్పిందట. అబ్బాయి నవ్వి, "నేను నాన్నకు చెప్పులు కొన్నానండీ. సైజు పెద్దదైంది. ఆయన నాతో అనకుండా నెల్లాళ్ళు అవే వేసుకు తిరిగారు" అన్నాడట.

పాత అమ్మడైతే వెంటనే "మీ హాబీలేమిటి?" అని ఉండేది. ఇప్పుడు, "మరి మీకెలా తెలిసింది?" అంది.

"మెట్ల మీద టపటపమని చప్పుడు. ఓ రోజు చూద్దును గదా, ముందు వేళ్ళ దగ్గర దూది కుక్కి ఉంది."

"అప్పుడేం చేశారు?"

"అదే రకంవి ఓ సైజు చిన్నవి కొని, రాత్రి గుమ్మం దగ్గర మార్చి పెట్టాను. ఆయనా ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. చప్పుడు మాత్రం ఆగిపోయింది."

చూశారా! పొదుపు, తండ్రిమీద ప్రేమ, ఎదుటివాడి అభిమానం కాపాడే తీరు, తన పొరపాటుమీద తనే నవ్వుకోగలగడం. 22 ప్రశ్నలకు రాని జవాబులు ఒక జత చెప్పుల్లో వచ్చాయి.

హాస్యం సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. నవ్విస్తున్నాడా అని కాదు, ఎవరిమీద నవ్విస్తున్నాడని చూడాలి. మొదటి సంబంధం అబ్బాయి బాగానే నవ్వించాడట. కాని ప్రతి కథలోనూ మందమతి అయినవాడు అతని గుమాస్తానో, తమ్ముడో, కాఫీ ఒలకబోసిన సర్వరో. ఏదో ఒకనాడు ఆ వరసలోకి పెళ్ళాం కూడా వస్తుంది.

అయితే ఈ పద్ధతికీ హద్దులున్నాయి. ముందుగా తయారుచేసుకు వచ్చిన కథలు చెప్పేవాళ్ళూ ఉంటారు. "అప్పుడు ఇంట్లో వాళ్ళేమన్నారు?" అని రెండో ప్రశ్న వేస్తే, నిజంగా జరిగినదైతే చిన్న చిన్న వివరాలు వస్తాయి, లేకపోతే కథ మళ్ళీ గొప్పల్లోకి పోతుంది. ఇది కూడా తిరుగులేని పరీక్ష కాదు. బిడియస్థుడికి మొదటి గంటలో మాట పెగలకపోవచ్చు. అలాంటివాళ్ళతో ఎదురెదురుగా కూర్చోడం కంటె పక్కపక్కన నడవడం మేలు.

ఇక, కథల్లో తేలని సంగతులు కొన్ని ఉన్నాయి: అప్పులు, పిల్లలు కావాలా అన్నది, ఏ ఊళ్ళో ఉంటారు, పెద్దవాళ్ళను ఎవరు చూసుకుంటారు. వీటిని చాటుగా రాబట్టాలని చూడడం తప్పు. రెండోసారో మూడోసారో కలిసినప్పుడు సూటిగానే అడగాలి. మా అమ్మడూ మూడోసారి అడిగింది: "మా అమ్మ నాతోనే ఉంటుంది. మీకు సమ్మతమేనా?"

అబ్బాయి చటుక్కున సరేననలేదు. "ఇంట్లో మాట్లాడి రెండు రోజుల్లో చెబుతాను" అన్నాడట. ఆ రెండు రోజులూ అక్కకు ముద్ద దిగలేదు. తనవల్ల పిల్ల పెళ్ళి ఆగిపోతుందేమోనని కుమిలిపోయింది. మూడోనాటి పొద్దున్నే ఫోను మోగింది. మా అమ్మడు విని, నవ్వి, తల్లికిచ్చింది.

"అత్తయ్యగారూ, మా ఇంట్లో అందరికీ సమ్మతమే. నాకొక్క సందేహం మిగిలింది" అన్నాడట అటునుంచి.

"ఏమిటి బాబూ?" అంది అక్క, గొంతు తడారిపోతూ.

"మీ చెప్పుల సైజెంత?"