నాలుగు శనివారాల సరుకు

మార్చి 2
ప్రతి శనివారం ఐదు నిమిషాల యానిమేషన్ ఎపిసోడ్. నెలకు సరిపడా నాలుగు స్క్రిప్టులూ పూర్తయ్యాకే రికార్డింగు. ఈసారి రెండో కథలో బామ్మకు పన్ను ఊడింది, నాలుగో కథలోనేమో చెరుకుగడ నములుతోంది. కాగితం మీదే ఉంది కాబట్టి జామపండు పెట్టేసి ఊరుకున్నాను. క్రికెట్ జోకులు మాత్రం కొట్టేశాను. ఎపిసోడ్ బయటికొచ్చేసరికి పాచిపోతాయి.

మార్చి 8
రికార్డింగు. బామ్మా కాకీ, రెండు గొంతులూ పిన్నివే. ఎపిసోడ్ వారీగా చదివిస్తే గొంతు మార్చినప్పుడల్లా బామ్మ కొంచెం తేడాగా వస్తుంది. అందుకని ముందు నాలుగు ఎపిసోడ్ల బామ్మ, ఆ తర్వాత కాకి.
"అరుపులన్నీ చివర్లో పెట్టరా, ముందే గొంతు పోతే నీ కాకి ఎవరు?" అంది పిన్ని.
ఫ్యాన్ ఆపేసి, ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఖాళీ గది శబ్దం కూడా పట్టాను. డైలాగుల మధ్య అది పరవకపోతే కోసిన ప్రతిచోటా చెవికి తెలుస్తుంది.

మార్చి 19
లెక్క: సెకనుకు 24 ఫ్రేములు, ఐదు నిమిషాలకు 7200. ఫ్రేముకు 12 సెకన్లు పడితే సరిగ్గా ఒక రోజు. నాలుగింటికి నాలుగు రోజులు, కంప్యూటర్‌కు ఇంకో పని చెప్పకుండా.

అసలు రెండర్‌కు ముందు నూరింటికో ఫ్రేము తీయిస్తాను:

```
blender -b ep11.blend -o //test/f_#### -s 1 -e 7200 -j 100 -a
```

-a చివరే ఉండాలి. బ్లెండర్ వరసలో చదువుకుంటూ పోతుంది, దాని తర్వాత రాసింది ఆ రెండర్‌కు అందదు. 72 బొమ్మలు పావుగంటలోపే వచ్చాయి. ఏ సీనులోనూ బామ్మకు కళ్లజోడు లేదు! పాత్ర ఫైలు నాలుగు ఎపిసోడ్లకూ ఒకటే, తప్పు నాలుగింట్లోనూ ఉంది. బ్యాచ్ పనిలో ఉన్న పెద్ద చిక్కే ఇది.

మార్చి 21
కళ్లజోడు పెట్టి మొదలెట్టిన అసలు రెండర్ నడుస్తుండగా రాత్రి కరెంటు పోయింది. నేరుగా వీడియోగా రెండర్ చేసి ఉంటే మళ్లీ మొదటినుంచి. పీఎన్‌జీ బొమ్మలుగా తీస్తున్నాను కాబట్టి, Overwrite తీసేసి ఉంచితే, ఉన్నవి వదిలేసి మిగతావి అందుకుంటుంది. అయితే కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న బొమ్మ సగంలో చచ్చి ఉండొచ్చు. ఫోల్డర్‌ను సైజు వారీగా పేర్చి, మరీ చిన్నగా కనిపించినదాన్ని చెరిపేశాను. శాంపిల్ బొమ్మలకు test ఫోల్డర్ విడిగా పెట్టిందీ ఇందుకే. కలిసి ఉంటే కళ్లజోడు లేని బామ్మ నూరు ఫ్రేములకోసారి తళుక్కుమనేది.

మార్చి 25
నాలుగూ ఎక్కించి తేదీలు పెట్టేశాను. రెండో ఎపిసోడ్‌లో ఒక్క డైలాగు మార్చాలనిపిస్తోంది. పిన్ని జలుబుతో ఉంది, ఇప్పుడు చెప్పిస్తే అతుకు తెలిసిపోతుంది. అలాగే పోనీ.