తెల్లవారుజామున తాగవలసిన సగం

పూర్ణా మార్కెట్లో మా అబ్బాది మసాలా దినుసుల దుకాణం. మలంలో అప్పుడప్పుడు రక్తం కనిపిస్తున్న సంగతిని ఆయన నాలుగు నెలలపాటు మొలల జబ్బనే భావించి, ఎవరికీ చెప్పలేదు. చివరకు అమ్మీకి తెలిసింది. డాక్టరుగారు పరీక్షించి, యాభై ఎనిమిదేళ్ల వయసులో రక్తం పడితే అది మొలలేనని ఊహతో తేల్చరాదని, కొలనోస్కోపీ చేయించాలని అన్నారు. ఆ పరీక్ష మేము రెండుసార్లు చేయించవలసి వచ్చింది. రెండోసారి ఎందుకు అవసరమైందో చెప్పడానికే ఇది వ్రాస్తున్నాము.

పెద్దప్రేగు పూర్తిగా ఖాళీ అయితేనే కెమెరాకు ఏదైనా కనిపిస్తుంది. అందుకు మూడు రోజుల ముందు నుండి ఆకుకూరలు, జామపండ్లు, టమాటా గింజలు, పొట్టు పప్పులు మానమన్నారు. తెల్లన్నం, పెరుగు, గుడ్డు తినవచ్చు. ముందురోజు మాత్రం వడకట్టిన ద్రవాలే: కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, నిమ్మరసం. మా ఇంట్లో అందరికీ ఇష్టమైన ఎర్రని గులాబీ షర్బత్ పనికిరాదు, ఆ రంగు ప్రేగులో రక్తంలా కనిపిస్తుంది. షుగరు మాత్ర పరీక్ష రోజు ఉదయం వేసుకోవద్దని డాక్టరుగారే విడిగా చెప్పారు. రక్తాన్ని పల్చబరిచే మందులు వాడేవారు వాటి సంగతి తప్పక ముందే అడగాలి, సొంతంగా ఆపకూడదు.

మందు ఒక పొడి. ప్యాకెట్టు మొత్తాన్ని రెండు లీటర్ల నీటిలో కలపాలి. రాత్రి ఏడు గంటలకు ఒక లీటరు, పావులీటరు చొప్పున పదిహేను నిమిషాలకొక గ్లాసు. రెండో లీటరు తెల్లవారుజామున అయిదు గంటలకు మొదలుపెట్టాలి. పరీక్ష పదకొండు గంటలకు, దానికి రెండు గంటల ముందు నుండి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ఆ మందు ఉప్పగా, జిడ్డుగా ఉంటుంది. చల్లబరచి స్ట్రాతో తాగితే కొంత నయం.

మొదటిసారి అబ్బా రాత్రి లీటరు తాగి, పన్నెండు దాకా మరుగుదొడ్డికీ మంచానికీ మధ్య తిరిగారు. నీళ్ల విరేచనాలే కదా, కడుపు శుభ్రమైపోయిందని అనుకొని, ఉదయపు లీటరును సింకులో పారబోశారు. మాకు తెలియనివ్వలేదు.

ఆసుపత్రిలో చూస్తే పెద్దప్రేగు కుడిభాగమంతా పసుపుపచ్చని బురద. అది రాత్రికి రాత్రి వచ్చి చేరినదే. నిద్రలోనూ చిన్నప్రేగు నుండి పైత్యరసం, ఇతర రసాలు కిందికి దిగుతూనే ఉంటాయి, అవి మొదట చేరేది కుడిభాగానికి. ఉదయపు సగం ఉన్నది దాన్ని కడగడానికే. ఎడమవైపు, మలద్వారానికి పైన, కాడతో వేలాడుతున్న ఒక పాలిప్‌ను డాక్టరుగారు చూశారు గాని కోయలేదు. సరిగా శుభ్రపడని ప్రేగులో మండే స్వభావం గల వాయువులు నిలిచి ఉండవచ్చట, అక్కడ విద్యుత్తు వాడడం ప్రమాదమన్నారు.

పదిహేను రోజుల తరువాత మళ్లీ వెళ్లాము. ఈసారి ఫజ్ర్‌కు ముందే లేచి, అమ్మీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. ఆఖరి విరేచనం మూత్రంలా పసుపుగా, పారదర్శకంగా ఉండాలి, గోధుమరంగు గాని నలకలు గాని ఉంటే వెళ్లగానే సిబ్బందికి చెప్పాలి. అబ్బా సిగ్గుపడకుండా మమ్మల్నే పిలిచి చూపించారు.

పరీక్ష గదిలో ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, చేతి నరానికి మత్తు ఇచ్చారు. వేలి లావున ఉండే మెత్తని గొట్టాన్ని, ప్రేగును వాయువుతో కాస్త ఉబ్బిస్తూ, చిన్నప్రేగు వచ్చి కలిసే చోటు దాకా పంపుతారు. అసలు వెదుకులాట వెనక్కి వచ్చేటప్పుడే, కనీసం ఆరు నిమిషాలు, మడత మడతనూ చూస్తూ.

మొదటిసారి బురద ఉన్న కుడిభాగంలోనే, అయిదు మిల్లీమీటర్ల చదునైన పాలిప్ ఒకటి బయటపడింది. ఇది మొదటిసారి ఎవరికీ కనిపించలేదు. గొట్టంలోంచి సన్నని తీగ ఉచ్చును పంపి, చుట్టూ కొంచెం మంచి పొరతో సహా బిగించి, వేడి లేకుండానే తెంపారు. ముక్కను గొట్టంలోంచే పీల్చి తీశారు. ఎడమవైపుది పన్నెండు మిల్లీమీటర్లు. దాని కాడలో రక్తనాళం ఉంటుంది గనుక ఉచ్చు బిగించి విద్యుత్తుతో కాల్చి కోశారు, వలలాంటి పరికరంతో బయటికి తెచ్చారు. ప్రేగు లోపలి పొరకు కోత నొప్పి తెలియదు. అబ్బాకు తెలిసింది తరువాతి ఉబ్బరం మాత్రమే.

ఆ రోజంతా బండి నడపవద్దు, దుకాణం లెక్కలు చూడవద్దు అన్నారు. కాల్చిన చోట రెండు వారాల దాకా రక్తం పడే అవకాశం ఉంది. రక్తం గడ్డలుగా పడినా, కడుపు బల్లలా గట్టిపడి తీవ్రంగా నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలన్నారు. ప్రేగుకు చిల్లు పడడం అరుదే గాని, చివరి రెండూ దాని గుర్తులే.

బయాప్సీలో రెండూ అడినోమాలని తేలింది. అంటే ఇప్పటికి క్యాన్సరు కాదు, వదిలేస్తే ఏళ్ల తరబడిలో అలా మారగలవి. అల్‌హమ్దులిల్లాహ్. ఒకటి పది మిల్లీమీటర్లు దాటింది కాబట్టి మూడేళ్లకు మళ్లీ చూడాలి. అదే కారణంతో ఆయన పిల్లలు, తోబుట్టువులు నలభై ఏళ్లకే పరీక్ష చేయించుకోవాలని అన్నారు. మా భాయీజాన్‌కు నలభై రెండు. మొన్న మందుల దుకాణంలో ఆ ప్యాకెట్టే కొనుక్కొచ్చి, అబ్బా చేతికే ఇచ్చాడు. తెల్లవారుజామున అయిదు గంటలకు నేనే లేపుతానని అబ్బా అన్నారు.