మార్జిన్ నెగెటివ్ అంటే మంచిదేనండీ

ఇంట్లో ఎవరికి బయాప్సీ చేసినా రిపోర్టు ముందు వచ్చేది మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళ మెయిల్‌కే. "ఏం రాశార్రా?" అని ఫోన్ వెంటనే వస్తుంది. ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన రిపోర్టు భాష వచ్చినట్టు కాదు కదా. అందులో అందరినీ తికమక పెట్టే మాట మార్జిన్.

మా పిన్నికి రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశారు. మార్జిన్లు నెగెటివ్, అన్నిటికంటే దగ్గరది 3 మి.మీ. అని రిపోర్టు. అది చదివి బాబాయ్ డీలా పడిపోయాడు. నెగెటివ్ అంటే చెడ్డదనీ, 3 మి.మీ. గడ్డ లోపలే మిగిలిపోయిందనీ ఆయన లెక్క. నిజం రెండింటికీ సరిగ్గా తిరగేసి ఉంది.

అసలు జరిగేది ఇదీ. గడ్డ ఒక్కదాన్నే తీయరు, చుట్టూ కాస్త మామూలు కండతో కలిపి తీస్తారు. ఏ వైపు ఏదో తెలియడానికి సర్జన్ దారాలు కుట్టి పంపిస్తాడు. ల్యాబులో ఆ ముక్క పైనంతా సిరా పూసి, పల్చగా కోసి మైక్రోస్కోపులో చూస్తారు. సిరా ఉన్నదే కోత అంచు. క్యాన్సర్ కణాలు సిరాని తాకితే మార్జిన్ పాజిటివ్, అంటే లోపల ఇంకా మిగిలి ఉండొచ్చు, మళ్ళీ కోయాల్సి రావచ్చు. తాకకపోతే నెగెటివ్. ఆ 3 మి.మీ. కణాలకీ సిరాకీ మధ్య ఉన్న మంచి కండ. చుట్టుపక్కలకి పాకే రకం రొమ్ము క్యాన్సర్‌కి సిరాని తాకకపోతే చాలని 2014లో అమెరికా డాక్టర్ల సంఘాలు చెప్పాయి. పాల నాళాలు దాటని రకానికి 2016లో 2 మి.మీ. అన్నారు.

అందుకే పిన్నికి ఇలా చెప్పా: "తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కనబడలేదు పిన్నీ." "అంతా పోయింది" అని మాత్రం అనలేదు. ఎందుకంటే అంచు మొత్తాన్నీ మైక్రోస్కోపులో చూడరు, ఎంచిన చోట్లే చూస్తారు. పైగా చంకలో గ్రంథుల సంగతి మార్జిన్ చెప్పదు, దానికి రిపోర్టులో వేరే లైను ఉంటుంది.

ఆపరేషన్‌కి ముందు వచ్చిన సూది రిపోర్టులో సస్పీషియస్ అని ఉండేది. దాన్ని "అనుమానమట" అంటే, ఇంట్లో నాలుగు నోళ్ళు మారేసరికి "ఏమీ లేదట" అయిపోతుంది. నేను చెప్పింది: "క్యాన్సర్‌లాగే కనిపిస్తోంది, కానీ ఖాయం చేయడానికి దొరికిన కణాలు చాల్లేదు. మళ్ళీ ముక్క తీయాలి." బినైన్ అని వచ్చినా అంతే, "సూదికి దొరికిన ముక్కలో క్యాన్సర్ లేదు" అనాలి. స్కాన్‌లో కనిపించినదానికీ దీనికీ పొంతన కుదరకపోతే బినైన్ వచ్చాక కూడా మళ్ళీ తీస్తారు.

చెప్పొచ్చేదేంటంటే, మాటకి మాట తెలుగు వెతకొద్దు. ఎక్కడ చూశారు, ఏం కనబడింది, తర్వాత ఏం చేస్తారు, ఈ మూడూ చెప్పండి. మూడోది రిపోర్టులో లేకపోతే డాక్టర్‌నే అడగండి, మనం ఊహించి చెప్పకూడదు.