నెత్తి ఫొటోలో పడనివి

పెద్దవాళ్లలో నెత్తి మీద పొట్టు రాలుతుంటే కారణం ఎక్కువగా మూడింటిలో ఒకటి: చుండ్రు, సెబోరిక్ డెర్మటైటిస్, సోరియాసిస్. మొదటి రెండూ ఒకే తానులో గుడ్డలు. అందరి మాడు మీదా ఉండే మలసీజియా అనే శిలీంధ్రం చర్మపు జిడ్డు తిని బతుకుతుంది. అప్పుడు వెలువడే ఆమ్లాలు కొందరికి పడవు. పొట్టు మాత్రమే రాలితే చుండ్రు. చర్మం ఎర్రబడి, జిడ్డుగా, పసుపుపచ్చగా ఉండే పొలుసులు కనుబొమల్లోకి, ముక్కు పక్క మడతల్లోకి, చెవుల వెనక్కి పాకితే సెబోరిక్ డెర్మటైటిస్.

సోరియాసిస్ పుట్టుక వేరు. రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి చర్మాన్ని తొందరపెడితే, సుమారు నెల పట్టాల్సిన పైపొర మార్పు కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. అందుకే పొలుసు దళసరిగా, వెండి రంగులో పేరుకుంటుంది. గీత గీసినట్టున్న అంచుతో జుట్టు దాటి నుదుటి మీదికి దిగుతుంది.

వైద్యుడికి పంపే వాట్సాప్ ఫొటో ఈ తేడాలన్నీ చెరిపేస్తుంది. ఫ్లాష్ పడితే ఎరుపు వెలిసిపోతుంది, నూనె రాస్తే పొలుసు అణిగిపోతుంది. పైగా మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు ఊదాగానో ముదురు గోధుమరంగులోనో ఉంటుంది కాబట్టి, "ఎర్రగా లేదు కదండీ" అనే మాటను పట్టుకుని లాభం లేదు.

నలభై దాటిన ఒక దర్జీ తలను కొడుకు తీసి పంపిన ఫొటోలో పాపిట, దాని పక్కన తెల్లటి పొట్టు, అంతే. చూసిన వైద్యుడూ చుండ్రేననుకుని కీటోకోనజోల్ 2 శాతం షాంపూ రాశాడు. తగ్గలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లకు మాత్రం వెంటనే తగ్గింది, కొన్నాళ్లకు రెట్టింపై తిరిగొచ్చింది. అలా తిరగబెట్టడం సోరియాసిస్‌కు అలవాటే. దర్జీ చివరికి ఆసుపత్రికి వచ్చి బల్ల మీద చేతులు పెడితే గోళ్ల నిండా సూదిమొన గుంటలు. "సూదులతో పని కదండీ" అన్నాడాయన. మోచేతుల మీద పొలుసు మచ్చలున్నాయి. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు ముడవడం లేదట. కీళ్లకు పాకిన సోరియాసిస్ అది. రెండేళ్లుగా ఆయన కత్తెర పట్టలేకపోవడాన్ని ఇంట్లోవాళ్లు వయసు మీద వేశారు.

చుండ్రుకు, సెబోరిక్ డెర్మటైటిస్‌కు కీటోకోనజోల్ షాంపూనే వారానికి రెండుసార్లు, రాసి అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. నెల తర్వాత వారానికోసారి చాలు. మానేస్తే మళ్లీ వస్తుంది. సోరియాసిస్‌లో సాలిసిలిక్ ఆమ్లంతో పొలుసు ఊడదీసి, స్టెరాయిడ్ లోషన్ గానీ కాల్సిపోట్రియాల్ గానీ రాస్తారు. కీళ్లు పట్టేస్తే పైపూతలు చాలవు.

ఫొటో పంపక తప్పకపోతే నూనె లేని తలను, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో తీయండి. చెవుల వెనక, మోచేతులు, పది గోళ్లు కూడా జతచేయండి.