ముప్ఫై నాలుగు తెరల కథ

మా చిన్నాన్న కూతురు యూఎక్స్ డిజైనరు. హైదరాబాదులో ఉద్యోగం... ఉండేది. కిందటేడు వాళ్ళ కంపెనీ డిజైన్ టీముని సగానికి కోసినప్పుడు పోయింది. ఆ తర్వాత నాలుగు చోట్ల ఇంటర్వ్యూకి వెళ్ళింది, నాలుగు చోట్లా మొదటి రౌండు దాటలేదు. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, పెసరట్లు తినడం అయ్యాక, లాప్‌టాప్ నా ముందు పెట్టి "అన్నయ్యా, నువ్వు ఇంటర్వ్యూలు చేస్తుంటావు కదా, ఇందులో ఏం తప్పుందో చెప్పు" అంది.

నేను డిజైనర్ని కాను, జావా రాసుకుని బతికేవాణ్ణి. కాకపోతే మా ఆఫీసులో డిజైనర్లని తీసుకునేటప్పుడు ప్యానెల్లో ఒక ఇంజనీరుండాలని ఆచారం. మిగతావాళ్ళందరూ తెలివిగా తప్పించుకుంటారు కాబట్టి ఆ ఇంజనీరు ఎప్పుడూ నేనే. అంచేత పోర్ట్‌ఫోలియోలు చదవడం మాత్రం బాగా అలవాటు. చదవడం అంటే ఏమంత గొప్పగా ఊహించుకోకండి. రెండు మీటింగుల మధ్య దొరికే పది నిముషాల్లో ముగ్గురివి చూడాలి.

మా చెల్లెలి కేస్ స్టడీ ఒక్కటే ముప్ఫై నాలుగు తెరల పొడవుంది. (కూర్చుని లెక్కపెట్టాను.) ఇంటికొచ్చి రక్తం శాంపిలు తీసుకెళ్ళే ల్యాబు వాళ్ళ యాప్ అది. మొదట ఆరోగ్యం గురించి రెండు పేరాలు. ఆ తర్వాత డబుల్ డైమండ్ బొమ్మ. ఈ రెండు వజ్రాలు లేని పోర్ట్‌ఫోలియో నేనింతవరకూ చూళ్ళేదు. ఆ కింద కోటేసుకుని నవ్వుతున్న ఒక కల్పిత యూజరు, గోడకంటించిన పసుప్పచ్చ కాయితాల ఫోటో, వైర్‌ఫ్రేములు, రంగులు, ఫాంట్లు, ఏటవాలుగా నిలబెట్టిన ఫోన్లు. అన్నీ అయ్యాక చిట్టచివర ఒక్క వాక్యం: "83 శాతం యూజర్లకి నచ్చింది, బుకింగులు 27 శాతం పెరిగాయి."

"ఇందులో నువ్వేం చేశావు?" అనడిగా.

"అదే కదన్నయ్యా... మేము ముందు రీసెర్చ్ చేశాం, తర్వాత మేము..."

"మీరు కాదమ్మా, నువ్వు."

కాసేపు మాట్లాడలేదు. నాలుగు ఇంటర్వ్యూల్లోనూ ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోయిందని తర్వాత చెప్పింది. తన తప్పేం లేదు లెండి. మనిళ్ళల్లో "నేను, నేను" అంటే గొప్పలు పోతున్నావంటారు. కానీ ప్యానెల్లో కూర్చున్నవాడికి "మేము" అని వినపడగానే, ఈ పిల్ల పక్కన నిలబడి చూసిందేమో అనిపిస్తుంది.

సరే, అసలేం జరిగిందో మొదట్నించీ చెప్పమన్నా. చెప్పింది. పేజీలో ఉన్నదానికన్నా నోటితో చెప్పింది నూరురెట్లు బావుంది!

ఆ యాప్‌లో పరీక్ష ఎంచుకోవాలి, ఓటీపీ కొట్టాలి, పేషెంటు వివరాలివ్వాలి, అడ్రసివ్వాలి, అప్పుడు టైము చూపిస్తుంది, ఆఖర్న డబ్బు కట్టాలి. జనం ఎక్కువగా అడ్రసు పేజీలో వెళ్ళిపోతున్నారు. ఫారం పొడుగ్గా ఉంది కాబట్టి విసుగొచ్చి పోతున్నారని అందరూ అనుకున్నారు, తనూ అనుకుంది. తొమ్మిది గళ్ళని అయిదుకి తగ్గించింది. విడుదల చేశారు. ఏమీ మారలేదు.

"ఇది పేజీలో ఎక్కడా లేదే?"

"ఫెయిలయింది కదా, ఎందుకు పెడతాను?"

నాకు తెలిసి ఆ ముప్ఫై నాలుగు తెరల్లో లేని ఈ ఒక్క సంగతే అసలు ప్రాసెస్. వజ్రాల బొమ్మ ఎవరి పోర్ట్‌ఫోలియోలోనైనా ఒకటే. ఏమనుకున్నావు, అది తప్పని ఎలా తెలిసింది, తెలిశాక ఏం చేశావు అన్నది మాత్రం ఎవరిది వాళ్ళదే.

తెలిశాక చేసిందేమిటంటే, రెండ్రోజులు కాల్ సెంటర్లో కూర్చుని రికార్డు చేసిన కాల్స్ విన్నది. అక్కడ చాన్నాళ్ళుగా పనిచేస్తున్న ఒకావిడ, "వీళ్ళు ఫోన్ ఎత్తగానే అడిగేది ఒకటే, రేపు పొద్దున ఎన్నింటికి వస్తారు అని" అందట. ఫాస్టింగ్ షుగరుకి రాత్రంతా ఏమీ తినకుండా ఉండాలి కదా. షుగరున్న పెద్దాయన పొద్దున పదకొండు దాకా మంచినీళ్ళతో కూర్చోలేడు. ఆరున్నరకో ఏడింటికో వస్తామంటేనే బుక్ చేస్తాడు. యాప్ మాత్రం ఆయన ఇంటి నంబరూ, వీధీ, ల్యాండ్‌మార్కూ అన్నీ లాగేసుకున్నాక గానీ ఆ ముక్క చెప్పదు. ఈ లోపల ఆయన యాప్ మూసేసి ఫోను చేస్తాడు, లేదా వీధి చివరున్న ల్యాబుకి పోతాడు.

దాంతో ఆ వరస తిరగేసింది. ముందు పిన్‌కోడ్ ఒక్కటే అడిగి, రేపటి టైములు చూపించి, మిగతావన్నీ ఆ తర్వాత. శాంపిలు తీసుకునే మనిషి ఏ రూట్లో వెళ్తాడో తేలాలంటే పూర్తి అడ్రసు కావాలి, పిన్‌కోడ్‌తో కుదరదు అన్నారు బ్యాకెండ్ వాళ్ళు. చివరికి వాళ్ళలో ఒకబ్బాయి ముందు ఉజ్జాయింపు టైములిచ్చి, అడ్రసొచ్చాక ఖాయం చేసే పద్ధతి కనిపెట్టాడు.

ఇక అంకెలు. "83 శాతం అంటే ఎంతమంది?" అనడిగితే నవ్వేసింది. ఆరుగురిలో అయిదుగురు. ఆరుగురితో పరీక్షిస్తే లోపాలు బోలెడు బయటపడతాయి, అందులో సందేహం లేదు. కానీ ఆరుగురికి శాతాలు కట్టకూడదు. ఆరుగురిలో అయిదుగురు అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు. 83 అని రాసి, అవతలివాడు తవ్వి ఆరు బయటికి లాగాడా, ఆపైన నువ్వు చెప్పే ఏ అంకెనీ నమ్మడు.

27 శాతం సంగతి ఇంకాస్త మెలిక. పరీక్ష ఎంచుకున్నవాళ్ళలో డబ్బు కట్టేదాకా వెళ్ళినవాళ్ళు హైదరాబాదులో ముందు 41 శాతం, తర్వాత 52. తేడా 11 పాయింట్లు. 41 మీద 11 అంటే దాదాపు 27 శాతం పెరుగుదల, కాబట్టి అబద్ధం కాదు. అయితే "బుకింగులు" పెరగడం వేరు, మొదలెట్టినవాళ్ళలో పూర్తిచేసేవాళ్ళ వాటా పెరగడం వేరు. పైగా కూపీ లాగితే తేలిందేమంటే, ఆ మూడు వారాల్లోనే మార్కెటింగ్ వాళ్ళు డిస్కౌంటు కూడా పెట్టారు. మరి ఆ 11లో డిస్కౌంటుది ఎంత?

అదృష్టం కొద్దీ కొత్త వరస ముందు హైదరాబాదులోనే విడుదలయింది, విజయవాడలో మూడు వారాలు ఆలస్యం. డిస్కౌంటు మాత్రం రెండు చోట్లా ఒకేసారి. పాత వరసతోనే ఉన్న విజయవాడలో ఆ మూడు వారాల్లో 43 నుంచి 46 అయింది. అంటే డిస్కౌంటో, సీజనో, ఏదైతేనేం, ఒక 3 పాయింట్లు దానివి. 11లోంచి 3 తీస్తే 8. రెండు ఊళ్ళూ అచ్చం ఒకలాంటివి కావు కాబట్టి "సుమారు 8" అనడం మర్యాద.

27 పోయి 8 మిగిలేసరికి పిల్ల మొహం చిన్నబోయింది. ఆ 8ని ఎవరెంత తవ్వినా నిలబెట్టుకోవచ్చమ్మా, అన్నాను. నమ్మినట్టు కనపళ్ళేదు.

పొట్టిగా రాస్తే బరువు తగ్గుతుందనే భయం కూడా ఉంది తనకి. అప్పుడు జేరెడ్ స్పూల్ 2009లో రాసిన మూడొందల మిలియన్ల బటన్ కథ చూపించా. ఒక పెద్ద షాపింగ్ సైటులో డబ్బు కట్టేముందు రిజిస్టర్ చేసుకోమని అడ్డంపడేవారు. ఆ బటన్ తీసేసి కంటిన్యూ అని పెట్టి, ఖాతా తెరవక్కర్లేదని పక్కన ఒక ముక్క రాశారు. కొనేవాళ్ళు 45 శాతం పెరిగారు, మొదటి ఏడాది అదనంగా 30 కోట్ల డాలర్లు వచ్చాయి. కాఫీ చల్లారేలోపు చదివేయొచ్చు. కంపెనీ పేరు కూడా చెప్పలేదాయన, అయినా ఇన్నేళ్ళ తర్వాత కూడా జనం చెప్పుకుంటూనే ఉన్నారు.

సాయంత్రానికి మాది ఇలా తయారయింది. ఇంగ్లీషులో రాసిందాన్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నా.

"ఇంటి దగ్గర రక్తపరీక్ష బుకింగ్. సమస్య: అడ్రసు పేజీలో జనం వెళ్ళిపోతున్నారు. ఫారం పొడవే కారణమనుకుని తొమ్మిది గళ్ళని అయిదు చేశాను, ఫలితం లేదు. కాల్ సెంటర్లో రెండ్రోజులు కాల్స్ విన్నాను. టైము ముందు తెలియకపోవడమే కారణమని అక్కడి ఉద్యోగిని చెప్పిన మాటతో దారి దొరికింది.

నా పాత్ర: కాల్స్ వినడం, కొత్త వరస గీయడం, ఆరుగురితో పరీక్షించడం (అయిదుగురు సాయం లేకుండా పూర్తి చేశారు), ప్రోడక్ట్ మేనేజర్ని ఒప్పించడం. పిన్‌కోడ్‌తో ఉజ్జాయింపు టైములిచ్చే పద్ధతి బ్యాకెండ్ ఇంజనీరుది. రంగులూ ఐకాన్లూ వేరే డిజైనరువి.

ఫలితం: మొదలెట్టినవాళ్ళలో పూర్తిచేసినవాళ్ళ వాటా, మార్పు ఇంకా అందని ఊరితో పోలిస్తే, మూడు వారాల్లో సుమారు 8 పాయింట్లు పెరిగింది."

మూడు పేరాలు, రెండు బొమ్మలు: పాత వరస, కొత్త వరస. 41, 52 లాంటివి పాత కంపెనీ అంకెలు కాబట్టి పేజీలో పెట్టలేదు. వాళ్ళ పాత మేనేజరుకి ఫోన్ చేసి అడిగితే తేడా వరకూ చెప్పుకో, మొత్తాలు వద్దు అన్నాడు.

ఆ కాల్ సెంటరావిడ వాక్యం దగ్గర మాత్రం పెద్ద గొడవైంది. "ఐడియా ఆవిడది, టెక్నిక్కు ఆ అబ్బాయిది అని నేనే రాసిచ్చేస్తే నాకింకేం మిగుల్తుంది?" అంది.

దీనికి నా దగ్గర సమాధానం కాదు గానీ, పాత దెబ్బ ఒకటుంది. చాలా ఏళ్ళ క్రితం నేనున్న ఒక ప్రాజెక్టులో పేజీ తెరుచుకోడానికి తొమ్మిది సెకన్లు పట్టేది. రెండు నెలలు క్వెరీలతో కుస్తీపట్టి మూడు సెకన్లకి తెచ్చా. కొన్నాళ్ళకి మాతో పనిచేసిన డిజైనరు పోర్ట్‌ఫోలియో ఎవరో పంపితే చూశాను. "నా రీడిజైన్ వల్ల పేజీ వేగం మూడురెట్లు" అని ఉంది. కోపం కూడా రాలేదు, అదోలా అయిపోయింది. ఇది చెప్తే మా చెల్లెలు కాసేపు ఊరుకుని, ఆ వాక్యం ఉంచేసింది.

తర్వాత అయిదో ఇంటర్వ్యూకి వెళ్ళింది. గంటలో నలభై నిముషాలు అయిదు గళ్ళ ఫారం ఎందుకు పనిచెయ్యలేదన్నదే అడిగారట. కాల్స్ విందామని నీకెందుకు తోచింది అని కూడా అడిగారట. రెండో రౌండుకి పిలిచారు, ఇంకా తేలలేదు.

ఈలోగా రెండో ఎంట్రీ మొదలెట్టాం. అది శాంపిలు తీసుకునేవాళ్ళు వాడే యాప్. విడుదలకి ముందే ప్రాజెక్టు ఆగిపోయింది, కాబట్టి చెప్పుకోడానికి వ్యాపారపు అంకె లేదు. ఉన్నదల్లా, పాత తెరతో అయిదుగురిలో ఒక్కరు, కొత్తదానితో నలుగురు సాయం లేకుండా పని ముగించారని. అదే రాసి, కింద "విడుదల కాలేదు" అని పెట్టమన్నా. "విడుదల కాలేదు" అన్నది చివర్లో పెట్టాలా, మొదటి వాక్యంలోనే చెప్పెయ్యాలా అని నిన్న రాత్రి కూడా ఫోనులో వాదించుకున్నాం. నాకైతే మొదట్లోనే ఉండాలనిపిస్తోంది.