మజూరీ లెక్క

మా ఈపురుపాలెంలో మగ్గం నేసేవాళ్లు షావుకారు దగ్గర పడుగు తీసుకునేముందు రెండు మాటలు అడుగుతారు: మజూరీ ఎప్పుడిస్తారు, అందులో ఎంత పట్టుకుంటారు అని. నాన్న అడుగుతుంటే చిన్నప్పుడు పక్కన నిలబడి విన్నాను. 2024 మార్చిలో హైదరాబాద్ నుంచి ఒక రిక్రూటర్ ఫోన్ చేసినప్పుడు అవే గుర్తొచ్చాయి.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, ఇంటి నుంచే, 12 నెలల కాంట్రాక్టు, నెలకు 45,000. అప్పటికి నేను గుంటూరులో పీఎఫ్ పోను 36,000 చేతికొచ్చే ఉద్యోగంలో ఉన్నాను. "బాగా చేస్తే పర్మనెంట్ అయిపోతుంది సార్" అన్నాడతను. ఆ ఒక్క మాటకే ఒప్పేసుకునేవాణ్ణి, నాన్న మజూరీ ప్రశ్నలు గుర్తురాకపోతే.

"ఈ టీమ్‌లో కాంట్రాక్టు మీద చేరినవాళ్లలో పోయిన ఏడాది ఎంతమంది పర్మనెంట్ అయ్యారండీ? ఆ నిర్ణయం ఎవరిది? ఎన్నో నెలలో?" అని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు. మీరు చెప్పేది మెయిల్‌లో పెట్టండి అన్నాను. మర్నాడు వచ్చిన మెయిల్‌లో మాట మారింది: ఆరు నెలలకు పనితీరు సమీక్ష ఉంటుంది, ఖాళీ ఉంటే కొత్త ఆఫర్ లెటర్ ఇస్తారు, హామీ లేదు. ఎంతమంది అయ్యారో అందులో లేదు. నాకు కోపం రాలేదు. ఆ ఆశకు విలువ సున్నా అని కాగితం మీద వేసుకుని, మిగతా లెక్క మొదలుపెట్టాను.

తర్వాత అడిగింది, నేను ఎవరి పేరోల్‌లో ఉంటాను అని. ఏజెన్సీ పేరోల్ అయితే అది జీతమే. పీఎఫ్ కడతారు, అప్పట్లో ఫారం 16 ఇచ్చేవాళ్లు, జీతగాళ్లకుండే స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. కన్సల్టెంట్ అయితే ఇవేవీ ఉండవు. మనమే ఇన్వాయిస్ పెట్టుకోవాలి, అప్పట్లో వాళ్లిచ్చేది ఫారం 16ఏ. నాది కన్సల్టెంట్ ఒప్పందమని తేలింది. టీడీఎస్ ఏ సెక్షన్ కింద అంటే 194జే, 10 శాతం అన్నారు. అదే పనిని సాంకేతిక సేవ కింద చూపితే ఆ సెక్షన్‌లోనే 2 శాతం పట్టే కంపెనీలూ అప్పట్లో ఉండేవి. అందుకే శాతం ఒక్కటే కాక సెక్షన్ కూడా అడగాలి.

45,000లో 4,500 పోతే చేతికి 40,500. పాత జీతంకంటే 4,500 ఎక్కువ, కానీ పీఎఫ్ లేదు. ఏడాదికి పట్టుకునేది 54,000. అయితే ఆ డబ్బు పోయినట్టు కాదు. 5,40,000 ఆదాయానికి ఆ ఏడాది కొత్త పన్ను విధానంలో రిబేటు పోను కట్టాల్సిన పన్ను లేదు. రిటర్ను వేస్తే మొత్తం తిరిగొస్తుంది, ఏడాది దాటాక.

చివరిగా డబ్బెప్పుడు అని. "30 రోజులండీ" అన్నాడు. దేన్నుంచి 30 రోజులు? ఇన్వాయిస్ తేదీ నుంచా, మేనేజర్ ఆమోదించిన రోజు నుంచా? ముసాయిదాలో ఆమోదం నుంచి అని ఉంది. అంటే మేనేజర్ సెలవులో ఉంటే నా డబ్బూ సెలవులోనే. ఇన్వాయిస్ తేదీ నుంచి అని మార్పించుకున్నాను. అయినా ఏప్రిల్ 1న చేరితే, నెలాఖరున పెట్టిన ఇన్వాయిస్ డబ్బు మే చివరికి గానీ రాదు. రెండు నెలల ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకున్నాకే పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను.

అన్నీ అడిగినా ఒక చోట దెబ్బ తగిలింది. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల టీడీఎస్ వివరాలను కంపెనీ జనవరి 31లోగా దాఖలు చేయాలి. ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ తెరిస్తే ఆ మూడు నెలల 13,500 కనపడలేదు. నా ఖాతాలో కోత పడింది, నా పాన్ మీద జమ పడలేదు. చూస్తే వాళ్ల రికార్డులో నా పాన్‌లో ఒక అక్షరం తప్పు. సవరణ దాఖలు చేయించేసరికి ఏప్రిల్ వచ్చింది. చూసుకోకపోయి ఉంటే రీఫండ్‌లో అంత తగ్గేది. మూడు నెలలకోసారి 26ఏఎస్ చూసుకోవడం అప్పుడు అలవాటైంది.

వృత్తి ఆదాయం కాబట్టి ఐటీఆర్-1 కుదరలేదు, ఐటీఆర్-4 వేశాను. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి, ఇప్పుడు చేరేవాళ్లు పాత నంబరు కాక ఒప్పందంలో ఉన్న నంబరే చూసుకోవాలి.

ఆరు నెలల సమీక్ష బాగానే జరిగింది. పర్మనెంట్ మాత్రం కాలేదు, కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. 54,000 రీఫండ్ పూర్తిగా వచ్చింది.